రెండు గంటలకు రేటు రాకపోతే

2024 జనవరి 1 సాయంత్రం పోలండ్‌లో చాలామంది ఫోన్లలో తమ కరెన్సీ ధర చూసి ఉలిక్కిపడ్డారు. గూగుల్‌లో వెతికితే జ్లోటీ విలువ ఒక్కసారిగా కుప్పకూలినట్టు కనిపించింది. నిజానికి ఆ రోజు కొత్త సంవత్సరం సెలవు. మార్కెట్లు మూసి ఉన్నాయి. ధర పడిపోవాలంటే ఎవరో ఒకరు అమ్మాలి కదా, ఆ వేళకు అలా అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ లేరు. చివరికి ఆర్థిక మంత్రి ఆంజెయ్ దొమాన్స్కీ సోషల్ మీడియాలోకి వచ్చి, కంగారు పడకండి, ఇది డేటా సోర్సులో పొరపాటు, ఆసియా మార్కెట్లు తెరుచుకోగానే సర్దుకుంటుంది అని చెప్పుకోవాల్సి వచ్చింది. సర్దుకుంది కూడా.

ఆ సంఘటనలో ఏ సర్వరూ మూగబోలేదు. అడిగిన వెంటనే జవాబు వచ్చింది, కాకపోతే తప్పు జవాబు వచ్చింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, బయటి నుంచి రోజూ ఒక వేళకు అంకెలు తెచ్చుకునే ఏ ఏర్పాటైనా రెండు రకాలుగా దెబ్బతింటుంది. ఇచ్చేవాడు అసలు పలకకపోవడం ఒకటి, పలికి అబద్ధం చెప్పడం ఇంకొకటి. మొదటిదానికి అందరూ చెప్పే మందు ఒకటే: మరో సోర్సు పెట్టుకో, ఇది రాకపోతే అది వాడు. వినడానికి ఇంతకన్నా తేలిక లేదు. అయితే అజాగ్రత్తగా వేస్తే ఈ మందే మొదటి జబ్బును రెండో జబ్బుగా మారుస్తుంది. పలకని సోర్సు చోట అబద్ధం చెప్పే సోర్సు వచ్చి కూర్చుంటుంది. ఎలాగో చూడడానికి డాలరు, యెన్ రేట్లనే తీసుకుందాం.

భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ ఉందనుకుందాం. సరుకు అమెరికాకు వెళ్తుంది, జపాన్‌కు వెళ్తుంది. బిల్లులు డాలర్లలో, యెన్‌లలో ఉంటాయి, లెక్కలు మాత్రం రూపాయల్లో రాసుకోవాలి. అందుకని వాళ్ల అకౌంటింగ్ ప్రోగ్రామ్ రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు ఆనాటి రేట్లు తెచ్చుకుని పట్టికలో పెట్టుకుంటుంది. మూడున్నరకు గుమస్తా ఇన్వాయిస్‌లు ముద్రిస్తాడు. అంటే మధ్యలో గంటన్నర వ్యవధి. ఈ గంటన్నరలో ఏం చేయాలన్నదే మన కథంతా.

రెండు గంటలే ఎందుకంటే, మన దేశంలో రిఫరెన్స్ రేటు పుట్టే వేళ అది. ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా అనే సంస్థ ఉంది, పొట్టిగా ఎఫ్‌బీఐఎల్. 2018 జూలై దాకా రిజర్వు బ్యాంకు తానే ఈ రేటు ప్రకటించేది, ఆ తర్వాత ఈ సంస్థకు అప్పగించింది. పనిదినాల్లో ఉదయం పదకొండున్నర, పన్నెండున్నర మధ్య మార్కెట్లో నిజంగా జరిగిన డాలరు-రూపాయి లావాదేవీల నుంచి లెక్కకట్టి, ఒంటిగంటన్నర ప్రాంతంలో అంకె బయటపెడుతుంది. డాలరుతో పాటు పౌండు, యూరో, యెన్ రేట్లు కూడా ఇస్తుంది. యెన్ దగ్గర ఒక చిన్న మెలిక ఉంది: రేటు ఒక్క యెన్‌కు కాదు, వంద యెన్‌లకు. ఒక్క యెన్ రూపాయిలో ముక్క మాత్రమే కాబట్టి చదవడానికి వీలుగా అలా ఇస్తారు. ఈ మెలికను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో కాలికి తగులుతుంది.

ఇక ఒక బుధవారం మధ్యాహ్నం. ప్రోగ్రామ్ రేటు అడిగింది. రాలేదు.

ఇక్కడ మొదట తేల్చుకోవాల్సింది, "రాలేదు" అంటే ఏమిటని. రాకపోవడంలో రకాలున్నాయి. అవతలి సర్వర్ అసలు తలుపు తీయకపోవచ్చు. తీసి, పలకకుండా నిలబెట్టేయవచ్చు. అందుకే ప్రతి అడుగుడుకీ పది సెకన్లో పదిహేను సెకన్లో గడువు పెడతారు, లేకపోతే ప్రోగ్రామ్ సాయంత్రం దాకా అక్కడే కాచుకు కూర్చుంటుంది. ఇంకోసారి 503 అనే సంఖ్యతో జవాబు వస్తుంది, ఇప్పుడు సేవ చేయలేను, తర్వాత రా అని దానర్థం. ఇవి నిజంగా అవతలి వాళ్ల ఇబ్బందులు. వీటిలో చాలాభాగం నిమిషాల్లో పోతాయి కాబట్టి వెంటనే రెండో సోర్సు మీదికి దూకనక్కర్లేదు. ఒక నిమిషం ఆగి మళ్లీ అడగాలి, తర్వాత రెండు నిమిషాలు, తర్వాత నాలుగు, తర్వాత ఎనిమిది. ఎడం పెంచుకుంటూ పోవడం ఎందుకంటే, అప్పటికే ఒగరుస్తున్న సర్వర్‌ను సెకనుకోసారి తడితే అది లేవడానికి ఇంకా ఆలస్యమవుతుంది. అలా తట్టేది మనం ఒక్కరమే కాదు. అందరి ప్రోగ్రాములూ గంట కొట్టగానే సరిగ్గా రెండింటికే లేచి ఒకే చోటికి పరుగెత్తుతాయి. భీమవరం కంపెనీ తన పనిని రెండు గంటలకు కాక రెండూ ఏడుకు పెట్టుకుంటే సగం ఇబ్బందులు దానికి ఎదురే కావు. ఖర్చు లేని ఉపాయం, అయినా పాటించేవాళ్లు తక్కువ.

ఇంకో రకం ఉంది. జవాబుగా 401 వస్తే మన తాళంచెవి చెల్లలేదని అర్థం, బహుశా చందా గడువు తీరిపోయింది. 429 వస్తే మనం పరిమితికి మించి అడిగామని. ఇవి ఇచ్చేవాడి తప్పులు కావు, మన తప్పులు. వీటికి రెండో సోర్సు మందు కాదు. డబ్బు కట్టడం మర్చిపోయిన సంగతిని రెండో సోర్సు నెలల తరబడి కప్పిపెడుతుంది, అంతే. ఇలాంటి జవాబు వచ్చినప్పుడు తాత్కాలికంగా పని జరిపించినా, మనిషికి వెంటనే కబురు పోవాలి.

అన్నిటికన్నా టక్కరిది మూడో రకం. జవాబు 200 వస్తుంది, అంటే అంతా బాగుంది అని. తెరిచి చూస్తే లోపల రేట్లు ఉండవు, "సైటు మరమ్మతులో ఉంది" అన్న పేజీ ఉంటుంది. లేదా ఖాళీ పట్టిక ఉంటుంది. లేదా నిన్నటి రేట్లే ఉంటాయి. సంఖ్య చూసి తృప్తిపడే ప్రోగ్రామ్‌కు ఇది విజయమే. కాబట్టి వచ్చిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఆ 200లో దొరకదు. లోపల డాలరు ఉందా, యెన్ ఉందా, వాటి పక్కన ఉన్న తేదీ ఈ రోజుదేనా అని చూశాకే వచ్చిందని అనుకోవాలి.

తేదీ అనగానే సెలవుల సంగతి వస్తుంది. ఆగస్టు 15న ఎఫ్‌బీఐఎల్ రేటు రాదు. రావాల్సిన పనీ లేదు. ఆ రోజు రేటు లేకపోవడం వైఫల్యం కాదు, అదే సరైన జవాబు. సెలవుల పట్టిక చేతిలో లేని ప్రోగ్రామ్ మాత్రం నాలుగుసార్లు తట్టి, ఓడిపోయి, రెండో సోర్సు నుంచి ఒక అంకె తెచ్చి, లేని రోజుకు ఒక రేటు పుట్టిస్తుంది. తర్వాత ఆడిటరు వచ్చి ఆగస్టు 15 రేటు మీకు ఎక్కడిదయ్యా అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

మన బుధవారం మాత్రం పనిదినమే. రెండూ ఏడు నుంచి రెండున్నర దాకా అడిగినా ఎఫ్‌బీఐఎల్ నుంచి జవాబు లేదు. ఇప్పుడు రెండో సోర్సు.

రెండో సోర్సులన్నీ ఒక జాతివి కావు. రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైటులో ఎఫ్‌బీఐఎల్ ఇచ్చిన రిఫరెన్స్ రేట్లనే మళ్లీ చూపిస్తుంది. అది అదే అంకె, దారి మాత్రమే వేరు. ఎఫ్‌బీఐఎల్ అంకెను విడుదల చేసి, దాని సైటు మాత్రం అందకపోతే ఇంతకన్నా మంచి ప్రత్యామ్నాయం లేదు, ఎందుకంటే లెక్కలో పైసా తేడా రాదు. అయితే ఎఫ్‌బీఐఎల్ ఆ రోజు అసలు అంకె కట్టలేకపోతే రిజర్వు బ్యాంకు పేజీలోనూ ఏమీ ఉండదు. ఒకే ఊట నుంచి వచ్చే రెండు కాలువలు ఒకేసారి ఎండుతాయి.

ఈ తేడా తెలియక మోసపోవడం చాలా మామూలు. ఇంటర్నెట్టులో ఉచితంగా మారకం రేట్లు ఇచ్చే సేవలు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలా వాటి వెనక ఉన్నది ఒకే ఒక్క ఫైలు, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రోజూ పెట్టేది. అలాంటి రెండు సేవలను మొదటి సోర్సుగా, రెండో సోర్సుగా పెట్టుకున్నవాడు తనకు రెండు సోర్సులున్నాయని నిశ్చింతగా ఉంటాడు. ఉన్నది ఒకటే. కొత్త సేవను బ్యాకప్‌గా పెట్టుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, నీకు ఈ అంకె ఎక్కడిది అని.

నిజంగా వేరే ఊట కావాలంటే మన కంపెనీకి ఆ యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు ఫైలే పనికొస్తుంది. ఉచితం, తాళంచెవి అక్కర్లేదు, ముప్పై దాకా కరెన్సీలుంటాయి, అందులో రూపాయి ఉంది. ఫైలు పేరు `eurofxref-daily.xml`. తెరిస్తే ఇలా ఉంటుంది. తేదీ, అంకెలు రెండూ నేను లెక్క తేలిగ్గా కుదిరేలా వేసుకున్నవే.

```xml
<Cube time="2025-09-09">
  <Cube currency="USD" rate="1.10"/>
  <Cube currency="JPY" rate="160.00"/>
  <Cube currency="INR" rate="99.00"/>
</Cube>
```

ఇందులో డాలరుకు ఎన్ని రూపాయలో ఎక్కడా రాసి లేదు. అన్నీ యూరోకు కొలిచినవి: ఒక యూరోకు 1.10 డాలర్లు, 160 యెన్‌లు, 99 రూపాయలు. మనకు కావలసింది భాగించి తెచ్చుకోవాలి. 99ని 1.10తో భాగిస్తే డాలరుకు 90 రూపాయలు. 99ని 160తో భాగిస్తే ఒక్క యెన్‌కు 0.61875 రూపాయి.

ఆ మెలిక కాలికి తగిలేది ఇక్కడే. ఎఫ్‌బీఐఎల్ ఇచ్చేది వంద యెన్‌ల రేటు కాబట్టి కంపెనీ ప్రోగ్రామ్ యెన్ బిల్లును ముందు వందతో భాగించి, తర్వాత రేటుతో గుణిస్తుంది. ఇప్పుడు రెండో సోర్సు నుంచి వచ్చిన 0.61875ను అదే గడిలో పెడితే ఏమవుతుంది? కోటి యెన్‌ల బిల్లు 61 లక్షల 87 వేల 500 రూపాయలు కావాల్సింది, 61 వేల 875 రూపాయలని పడుతుంది. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగదు, ఎర్ర అక్షరాలేవీ రావు. డాలరు బిల్లులన్నీ సరిగ్గానే ఉంటాయి కాబట్టి గుమస్తాకూ అనుమానం రాదు. మొదటి సోర్సు బాగున్నన్నాళ్లూ ఈ తప్పు కోడ్‌లో దాక్కునే ఉంటుంది. అది పడిపోయిన రోజే బయటికొస్తుంది. అంటే అందరూ ఇంకో గొడవలో ఉన్న రోజున.

దీనికి విరుగుడు పెద్దదేమీ కాదు. ఏ సోర్సు నుంచి వచ్చినా సరే, గడప దగ్గరే దాన్ని ఒకే రూపంలోకి మార్చాలి: ఒక విదేశీ యూనిట్‌కు ఎన్ని రూపాయలు. వందలూ యూరోలూ లోపలికి రాకూడదు. లోపలి లెక్కలకు రేటు ఎవరిచ్చారో తెలియాల్సిన పని ఉండకూడదు.

ఇప్పుడు ఆ ఫైలులో ఉన్న తేదీ మళ్లీ చూడండి. మనది బుధవారం, సెప్టెంబర్ 10 అనుకుంటే ఫైలులో ఉన్నది 9వ తేదీ, మంగళవారం. పొరపాటు కాదు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు తన రేటును మధ్య ఐరోపా కాలమానం ప్రకారం మధ్యాహ్నం 2:10కి మార్కెట్ ఎలా ఉందో చూసి నిర్ణయిస్తుంది, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో ప్రకటిస్తుంది. అది మనకు వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. కాబట్టి మన మధ్యాహ్నం రెండున్నరకు ఆ ఫైలు ఎప్పుడు తెరిచినా నిన్నటి అంకెలే ఉంటాయి. సర్వర్ ఉంది, జవాబు 200 వచ్చింది, ఫైలు నిండుగా ఉంది. ప్రోగ్రామ్ ఆ తేదీని పట్టించుకోకుండా "ఈ రోజు రేటు" అని పట్టికలో రాసుకుంటే, మంగళవారం సాయంత్రపు అంకె బుధవారం పేరు పెట్టుకుని తిరుగుతుంది.

డిసెంబర్ 26న పరిస్థితి ఇంకా చిత్రంగా ఉంటుంది. ఆ రోజు మనకు మామూలు పనిదినమే, ఐరోపా బ్యాంకుకు మాత్రం సెలవు. 25 కూడా సెలవే. అది శుక్రవారమైతే ఫైలులో బుధవారం 24వ తేదీ అంకెలుంటాయి. మన సెలవుల పట్టిక ఒక్కటి ఉంటే చాలదు, రెండో సోర్సు సెలవులు కూడా తెలిసి ఉండాలి. జనవరి 1, గుడ్‌ఫ్రైడే, ఈస్టర్ సోమవారం, మే 1, క్రిస్మస్, దాని మర్నాడు: శని, ఆదివారాలు కాక ఏడాదికి ఇవే. మన పట్టికతో పోలిస్తే చిన్నదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. బుధవారం రెండున్నరకు మన చేతిలో రెండు అంకెలున్నాయి. ఒకటి మంగళవారం మధ్యాహ్నం ఎఫ్‌బీఐఎల్ ఇచ్చింది, మన దగ్గరే దాచి ఉంది. రెండోది మంగళవారం సాయంత్రం, మన లెక్కలో 5:40కి ఐరోపా బ్యాంకు నిర్ణయించింది. రెండోది అయిదారు గంటలు తాజా. ఏది వాడాలి?

తాజాదే వాడాలని చాలామంది ప్రోగ్రామర్లు అనుకుంటారు. నేను ఒప్పుకోను. రెండో సోర్సు మొదటిదానికి నకలు కాదు, అది వేరే కొలత. వేళ వేరు, కొలిచే తీరు వేరు. ఎఫ్‌బీఐఎల్ మన మార్కెట్లో జరిగిన లావాదేవీల నుంచి అంకె కడుతుంది, ఐరోపా అంకె యూరో మీదుగా భాగించి వస్తుంది. ఆ బ్యాంకే ఈ రేట్లు సమాచారం కోసం మాత్రమేనని, లావాదేవీలకు వాడవద్దని చెబుతుంది. రోజూ ఒక కొలబద్దతో కొలిచి, ఒక్క బుధవారం మాత్రం ఇంకోదానితో కొలిస్తే, నెలాఖరు నివేదికలో ఆ రోజు ఒక గతుకు కనబడుతుంది. అది మార్కెట్ గతుకా, కొలబద్ద గతుకా అని ఎవరూ చెప్పలేరు. యాభై వేల డాలర్ల ఇన్వాయిస్‌లో పది పైసల తేడా అంటే అయిదు వేల రూపాయలు.

అందుకని ఒక్క రోజు అంతరాయానికి నా ఓటు నిన్నటి ఎఫ్‌బీఐఎల్ రేటుకే. దాని మీద "నిన్నటిది" అని స్పష్టంగా రాసి వాడుకోవాలి. రూపాయి మామూలు రోజుల్లో ఒక శాతం కూడా కదలదు. అంతరాయం రెండో పనిదినానికి పాకితే అప్పుడు లెక్క మారుతుంది. శుక్రవారం ఆగస్టు 15 పడిందనుకోండి. సోమవారం ఎఫ్‌బీఐఎల్ పలకకపోతే మన దగ్గర దాచినది గురువారం అంకె. నాలుగు రోజులైంది. ఐరోపా ఫైలులో శుక్రవారం అంకె ఉంటుంది, ఎందుకంటే ఆగస్టు 15 వాళ్లకు పనిదినమే. అప్పుడు రెండో సోర్సుకు వెళ్లడం సబబు. ఎన్ని గంటల పాతదాన్ని సహిస్తాం, ఆ తర్వాత ఎక్కడికి వెళ్తాం అన్నది కంపెనీ ముందే కూర్చుని రాసుకోవాల్సిన విషయం. బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు కంప్యూటర్ కుర్రాడి విచక్షణకు వదిలేయదగ్గది కాదు. చాలా చోట్ల జరిగేది మాత్రం అదే.

రెండో సోర్సుకు వెళ్లినప్పుడు పూర్తిగా వెళ్లాలి. ఎఫ్‌బీఐఎల్ నుంచి డాలరు రేటు వచ్చి యెన్ రాకపోతే, ఒక్క యెన్‌ను మాత్రం ఐరోపా నుంచి తెచ్చి పక్కన అతికించాలని ఆశ పుడుతుంది. అలా చేస్తే ఆ రోజు పట్టికలో డాలరుది మధ్యాహ్నపు ధర, యెన్‌ది ముందు సాయంత్రపు ధర. ఆ రెండింటి నుంచి డాలరుకు ఎన్ని యెన్‌లో లెక్కకడితే ఏ వేళా, ఏ మార్కెట్లోనూ లేని అంకె వస్తుంది. ఒక రోజు పట్టిక మొత్తం ఒక సోర్సు నుంచే రావాలి, లేకపోతే అసలు మారకూడదు. కొత్త రేట్లన్నీ పక్కన సిద్ధం చేసుకుని, పరీక్షలు పూర్తయ్యాక ఒక్క దెబ్బతో పాతవాటి స్థానంలో పెట్టాలి. సగం కొత్తవి, సగం పాతవి ఉన్న క్షణంలో గుమస్తా ప్రింట్ నొక్కకూడదు కదా.

ప్రతి రేటు పక్కన దాని పుట్టుపూర్వోత్తరాలు ఉండాలని పైన చెప్పినవన్నీ అడుగుతున్నాయి. పట్టికలో ఒక వరస ఇలా ఉంటే చాలు:

```
pair=JPY/INR   rate=0.61875   unit=1
as_of=2025-09-09
fetched=2025-09-10T14:31+05:30
source=ECB   status=fallback
```

`as_of` అంటే ఆ అంకె ఏ రోజుది అని, `fetched` అంటే మనం ఎప్పుడు తెచ్చుకున్నామని. ఈ రెండు తేదీలనూ ఒకే గడిలో కలిపేయడం వల్లనే పైన చెప్పిన మంగళవారం అంకె బుధవారం పేరు పెట్టుకోగలిగింది. `status` దగ్గర ఉన్న మాట ఇన్వాయిస్ ముద్రించే తెర మీద కూడా కనిపించాలి, చిన్న పసుపు గీతగానైనా. గుమస్తా చూసి, ఈ జపాన్ బిల్లు రేపు కొడదాంలే అనుకునే అవకాశం అతనికి ఉండాలి.

సాయంత్రం నాలుగింటికి ఎఫ్‌బీఐఎల్ మళ్లీ పలికింది. బుధవారం అసలు రేటు చేతికొచ్చింది. మూడున్నరకే మూడు ఇన్వాయిస్‌లు వెళ్లిపోయాయి. ఇప్పుడు పాత వరసను చెరిపి కొత్తది రాస్తే? పట్టికలో ఒక రేటు, పంపిన బిల్లులో ఇంకో రేటు. ఆర్నెల్ల తర్వాత ఎవరైనా సరిచూస్తే బిల్లులో అంకె ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పే ఆధారమే ఉండదు. చెరపకూడదు. పాత వరస అలాగే ఉంచి, కింద కొత్త వరస చేర్చాలి. వెళ్లిపోయిన బిల్లులు వెళ్లిపోయినవే, అవి ఏ వరసను చూసి తయారయ్యాయో వాటికి తెలిసి ఉంటే చాలు. ఇక మీద కట్టే నివేదికలు మాత్రం కొత్త వరసను చూస్తాయి. మొదటి సోర్సు ఒకసారి పలికి మళ్లీ మూగబోతూ ఉంటే, పలికిన ప్రతిసారీ అటూ ఇటూ గెంతకూడదు కూడా. ఆ రోజుకు ఒకసారి అసలు రేటు స్థిరపడ్డాక ఇక దాని జోలికి పోనక్కర్లేదు.

పోలండ్ కథలాంటి తప్పుడు అంకెను పట్టుకోవడానికి అందరూ పెట్టుకునే కాపలా ఒకటుంది. కొత్త రేటు నిన్నటి రేటుకు రెండు మూడు శాతం మించి దూరంగా ఉంటే తీసుకోవద్దు. యెన్ దగ్గర వంద రెట్ల తప్పును ఇది అక్కడికక్కడే పట్టేస్తుంది. మంచి కాపలాయే. కానీ దానికీ ఒక మితి ఉంది. 2013 ఆగస్టు 28న డాలరుకు రూపాయి 66.24 నుంచి 68.80కి పడిపోయింది, ఒక్క రోజులో దాదాపు నాలుగు శాతం. ఆ రోజు అంకె నిజం. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ సెంట్రల్ బ్యాంకు తన ఫ్రాంకును యూరోకు 1.20 దగ్గర పట్టి ఉంచే విధానాన్ని ముందు చెప్పకుండా వదిలేసింది. గంటల్లో యూరో దాదాపు ఒక ఫ్రాంకుకు వచ్చేసింది. ఆ రోజూ అంకె నిజమే. మూడు శాతం కాపలా ఉన్న ప్రోగ్రామ్ ఆ రెండు రోజులూ నిజాన్ని బయటికి తోసి, పాత రేటుతో బిల్లులు కొట్టి ఉండేది. సరిగ్గా పాత రేటు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే రోజున.

ఇక్కడ రెండో సోర్సుకు ఇంకో ఉపయోగం బయటపడుతుంది. మొదటిది పడిపోయినప్పుడే కాదు, మొదటిది నమ్మశక్యం కాని అంకె ఇచ్చినప్పుడు కూడా రెండోదాన్ని అడగవచ్చు. రెండూ ఒకే వైపు కదిలాయా, మార్కెట్ నిజంగా కదిలింది. ఒకటే గెంతి రెండోది నిలబడి ఉందా, గెంతినదాన్ని అనుమానించాలి. వేళల్లో తేడా ఉంది కాబట్టి ఇది పక్కా సాక్ష్యం కాదు, ఐరోపా అంకె సాయంత్రం దాకా రాదు కూడా. అందువల్ల కాపలా దాటిన రేటును ప్రోగ్రామ్ తానే కొట్టేయకూడదు, తానే ఒప్పుకోకూడదు. పక్కన పెట్టి అకౌంట్స్ మేనేజరుకు ఫోను కొట్టాలి. ఆయన టీవీ పెట్టి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

ఇన్ని జాగ్రత్తలతో కట్టిన ఏర్పాటుకు మిగిలే పెద్ద ప్రమాదం, అది బాగా పనిచేయడమే. మొదటి సోర్సు పడిపోతుంది, రెండోది అందుకుంటుంది, ఎవరికీ తెలియదు. వారం, నెల, మూడు నెలలు. కంపెనీ మొత్తం రెండో సోర్సు మీదే నడుస్తుంటుంది. ఆ రెండోది పోయిన రోజు, వెనక ఇంకేమీ లేదని అప్పుడు తెలుస్తుంది. రెండో సోర్సు వాడిన ప్రతిసారీ ఒక మనిషికి కబురు పోవాలి. వరసగా రెండు రోజులు వాడితే పై మనిషికి పోవాలి. ఆ కబురు ఎవరూ తెరవని ఈమెయిలు పెట్టెకు పోతే పోనట్టే లెక్క.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. ఏళ్ల తరబడి మొదటిది పడిపోకపోతే రెండోదాన్ని ఎవరూ ముట్టుకోరు. కారు డిక్కీలో స్టెప్నీ లాంటిది అది, టైరు పంక్చరైన రోజు తీసి చూస్తే అందులోనూ గాలి ఉండదు. ఈలోగా ఆ సోర్సు చిరునామా మారి ఉండవచ్చు, ఉచితంగా ఇచ్చేది చందా అడుగుతూ ఉండవచ్చు, ఫైలు రూపం మారి ఉండవచ్చు. నెలకోసారి ఒక తీరిక రోజున మొదటి సోర్సు చిరునామాను కావాలనే తప్పుగా పెట్టి, ఏం జరుగుతుందో కూర్చుని చూడటం తప్ప దీనికి అడ్డదారి లేదు. ఇంకా మంచిది, రోజూ రాత్రి తొమ్మిదింటికి ఐరోపా ఫైలును అవసరం లేకపోయినా తెచ్చుకుని, ఆనాటి ఎఫ్‌బీఐఎల్ రేటు పక్కన పెట్టి తేడా రాసిపెట్టుకోవడం. రెండు నెలలు అలా రాస్తే రెండు కొలబద్దల మధ్య మామూలుగా ఎన్ని పైసల ఎడం ఉంటుందో చేతికి తెలుస్తుంది. రెండో సోర్సుకు మారినప్పుడు బిల్లు మీద ఎంత తేడా పడుతుందో మేనేజరుకు ముందే చెప్పవచ్చు.

చివరగా, భీమవరం కంపెనీలోనే రెండో సోర్సు పనికిరాని చోట్లు కొన్ని ఉన్నాయి. సరుకు ఓడ ఎక్కేటప్పుడు కస్టమ్స్ కాగితంలో వేసే విలువకు కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు ప్రకటించిన రేటే వాడాలి. విదేశాల్లో వచ్చిన ఆదాయాన్ని ఆదాయపు పన్ను కోసం రూపాయల్లోకి మార్చేటప్పుడు స్టేట్ బ్యాంకు టీటీ బైయింగ్ రేటు చూస్తారు. ఈ గళ్లకు ఎఫ్‌బీఐఎల్ అంకె చెల్లదు, ఐరోపా అంకె అసలే చెల్లదు. సాంకేతికంగా ఎంత దగ్గరగా ఉన్నా సరే. బోర్డు రేటు అందని రోజు ప్రోగ్రామ్ ఈ గడిని ఖాళీగా వదిలి, రేటు లేదు అని తెర మీద చెప్పి ఆగిపోవాలి. కాగితం గంట ఆలస్యమవుతుంది, గుమస్తా విసుక్కుంటాడు. ఆ గంటలో ఎవరో ఒకరు బోర్డు సైటు తెరిచి, రేటు చూసి, చేత్తో వేసి, పక్కన తన పేరు రాస్తారు.